7,500 గీతకు అటూ ఇటూ: ఒక షష్టిపూర్తి హోటల్ బిల్లు

పదకొండేళ్ళు హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నైట్ ఆడిటర్‌గా. అంటే అందరూ పడుకున్నాక, ఆ రోజు ఏ రూముకు ఎంత ఛార్జి పడాలో, దాని మీద ఎంత పన్ను పడాలో సిస్టమ్‌లో వేసి రోజు మూసేసే పని. ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో చిన్న ట్రావెల్ డెస్క్ నడుపుతున్నాను. ఎవరైనా హోటల్ బిల్లు పట్టుకొచ్చి "ఇదేంటండీ, యాప్‌లో ఒకటి చూపించి ఇక్కడ ఇంకోటి వేశారు" అంటే, నేను ముందు వెతికేది ఒకే అంకె, 7,500. ఈ కేసు కూడా ఆ అంకె చుట్టూ తిరిగినదే.

2025 అక్టోబరు 27న తార్నాక నుంచి ఒక పెద్దాయన, ఆయన పెద్దమ్మాయి మా డెస్కుకు వచ్చారు. ఆయన రైల్వేలో రిటైరయ్యారు. నవంబరు 22, శనివారం ఆయన షష్టిపూర్తి. శామీర్‌పేట వైపు ఒక రిసార్ట్‌లో ఆరు రూములు, శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి, ఆదివారం పొద్దున చెకౌట్. బుక్ చేసింది న్యూజెర్సీలో ఉండే చిన్నల్లుడు. యాప్‌లో రూముకు రాత్రికి 6,950 రూపాయలు చూపించింది. ఆయన లెక్క సూటిగానే ఉంది. రెండు రాత్రులు, ఆరు రూములు, 83,400. జీఎస్టీ తగ్గి 5 శాతం అయిందని విన్నాడు, కాబట్టి ఇంకో 4,170. మొత్తం 87,570 అవుతుందని ఇంట్లో అందరికీ చెప్పేశాడు. పెద్దాయన ఆ అంకెను డైరీలో రాసుకుని, ఎవరి వంతు ఎంతో కూడా పంచేశారు.

కార్డు మీద పడింది మాత్రం 97,194. రెండు రోజుల తర్వాత రిసార్ట్ నుంచి వచ్చిన మెయిల్‌లో ఇంకో సంగతి: రూముకు రోజుకు 600 రూపాయల ఫెసిలిటీ ఛార్జి, దాని మీద 18 శాతం పన్ను, చెకిన్ దగ్గర కట్టాలి. అది 8,496. కలిపితే 1,05,690. పెద్దాయన డైరీలో అంకెకూ దీనికీ తేడా 18,120 రూపాయలు.

"డబ్బు గురించి కాదండీ, ఎక్కడ పెరిగిందో అర్థం కావట్లేదు, అదే టెన్షన్" అంది పెద్దమ్మాయి. పెద్దాయన మాత్రం "డబ్బు గురించి కూడా" అన్నారు.

సగటు అనే మాయ

ముందు పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి హోటల్ రూము మీద జీఎస్టీ ఇలా ఉంది: రూము విలువ రోజుకు 7,500 వరకు ఉంటే 5 శాతం, అంతకు ముందు 12 ఉండేది. 7,500 దాటితే 18 శాతం, అది మారలేదు. ఆదాయపు పన్నులోలాగా దాటిన భాగం మీద మాత్రమే ఎక్కువ రేటు వేయరు. గీత దాటితే మొత్తం మీద 18 పడుతుంది. 7,500 రూము పన్నుతో కలిపి 7,875 అవుతుంది. 7,600 రూము 8,968 అవుతుంది. వంద రూపాయలు పెరిగితే చేతి నుంచి పోయేది 1,093.

పన్ను రేటును ఆ రూముకు, ఆ రోజుకు చూస్తారు. వారాంతం రేట్లు రోజుకొకలా ఉంటాయని అందరికీ తెలుసు, కానీ యాప్ మాత్రం రెండు రాత్రుల సగటు చూపిస్తుంది. మన కేసులో ధరల వివరాలు విప్పి చూస్తే శుక్రవారం 6,100, శనివారం 7,800. రెంటి సగటు 6,950. సగటు గీతకు ఇవతలే ఉంది. శనివారం మాత్రం అవతల ఉంది. హోటల్ సిస్టమ్‌లో పన్ను ఏ రాత్రికి ఆ రాత్రి పడుతుంది, సగటు దానికి తెలియదు. కాబట్టి శుక్రవారానికి రూముకు 305, శనివారానికి 1,404. ఆరు రూములకు 10,254. అల్లుడు గారు వేసుకున్న 4,170 కంటే ఆరు వేలు పైన.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు, పన్ను సరిగ్గానే వేశారు. కానీ ధరను చూపించిన పద్ధతి వల్ల మనిషికి గీత కనపడలేదు.

రెండోది, ఆ 6,950 కింద బూడిద రంగులో సన్నగా ఉన్న లైను: "+ ₹1,150 taxes & fees". ఇందులో రెండు వేరువేరు సంగతులు ఒకే గిన్నెలో కలిపేశారు. ప్రభుత్వానికి వెళ్ళే జీఎస్టీ ఒకటి. యాప్ తనకోసం వసూలు చేసే కన్వీనియన్స్ ఫీజు ఇంకోటి. వివరాలు తెరిస్తే ఫీజు 3,000, దాని మీద 18 శాతం పన్ను 540, మొత్తం 3,540. పన్నుతో పాటు పక్కన కూర్చోబెడితే ఫీజు కూడా పన్నులాగే కనిపిస్తుంది, ఎవరూ ప్రశ్నించరు. నా దగ్గరకు వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని "జీఎస్టీ" అనే అంటారు. దీనికి ఇంకో గుణం ఉంది: బుకింగ్ రద్దు చేసినా వెనక్కి రాదు. రూము డబ్బు మొత్తం తిరిగొచ్చే 'ఫ్రీ క్యాన్సిలేషన్'లో కూడా ఇది రాదు.

ఫెసిలిటీ ఛార్జి ఎవరి పేరు?

మూడోది, అసలు చిరాకు పెట్టినది, ఆ 600. అమెరికాలో దీన్నే రిసార్ట్ ఫీజు అంటారు. ఈతకొలను, జిమ్, వైఫై పేరుతో, వాడినా వాడకపోయినా రోజుకింత. ఆ రాత్రి అల్లుడు గారితో ఫోన్‌లో మాట్లాడితే ఆయన అన్నది ఇదీ: "మా దగ్గర ఈ మే నుంచి రూల్ వచ్చిందండీ, తప్పనిసరి ఫీజులన్నీ మొదటి ధరలోనే కలిపి చూపించాలి. ఇక్కడ కూడా అలాగే ఉంటుందనుకున్నా." ఆయన చెప్పింది నిజమే. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చింది. హోటల్ బసకు, షోల టికెట్లకు తప్పనిసరి ఫీజులు కలిపిన ధరే ముందు చూపించాలి, ప్రభుత్వ పన్నులను మాత్రం విడిగా ఉంచవచ్చు. ఆ అలవాటుతో మన యాప్‌ను చూశాడు పాపం.

మన దగ్గర ఏమీ లేదని కాదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పేర్కొన్న 13 రకాల్లో 'డ్రిప్ ప్రైసింగ్' ఒకటి: ధరలోని భాగాలను ముందు చెప్పకుండా, చుక్కచుక్కగా తర్వాత బయటపెట్టడం. యాప్‌లో ఈ 600 గురించి ఉందా అని వెతికాను. ఉంది. ఫోటోలు, సౌకర్యాలు, పెంపుడు జంతువుల నియమం, అన్నీ దాటాక 'ప్రాపర్టీ రూల్స్' అనే మడతలో, విప్పితే చివరి వాక్యంగా. మొత్తంలో మాత్రం కలపలేదు. డబ్బు కట్టే పేజీలో కూడా లేదు.

నైట్ ఆడిటర్‌గా నాకు ఈ ఫీజులో కనిపించేది ఇంకోటి ఉంది. ఏ ఛార్జి లేకుండా మీకు రూము ఇవ్వరో, ఆ ఛార్జి రూము ధరలో భాగమే. జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ కూడా సరఫరాదారు ఆ సరఫరా కోసం వసూలు చేసేదంతా విలువలోకే వస్తుందంటుంది. కాబట్టి 7,200 రూముకు 600 తప్పనిసరి ఫీజు పెట్టి, "రూము 7,200, పన్ను 5 శాతం" అని రాస్తే అది అసలు 7,800 రూము. కొన్ని చోట్ల ఫీజును విడగొట్టేది ధర తక్కువగా కనపడటానికే కాదు, గీతకు ఇవతల ఉండటానికి కూడా. అలాంటి బిల్లు రేపు పన్ను అధికారి చూస్తే ఇబ్బంది హోటల్‌కే, అందుకే ఈ మాట రిజర్వేషన్ మేనేజర్లకు బాగా అర్థమవుతుంది.

మన కేసులో ఇది ఇంకో రకంగా ఉంది. శుక్రవారం 6,100కి 600 కలిపినా 6,700, గీత లోపలే. అప్పుడు ఆ 600 మీద కూడా 5 శాతమే పడాలి, వాళ్ళు 18 వేశారు. ఆరు రూములకు తేడా 468 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ బేరానికి కూర్చునేటప్పుడు ఎదుటివాళ్ళ లెక్కలో ఒక తప్పు మన చేతిలో ఉండటం మంచిదే.

నాలుగు రోజుల గడువు

ఇక రద్దు నిబంధనలు. యాప్‌లో పచ్చ రంగులో "నవంబరు 14 వరకు ఉచిత రద్దు" అని ఉంది. అల్లుడు గారు స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకున్నాడు, సంతోషం. కానీ రిసార్ట్ మెయిల్ అడుగున: అయిదు లేదా అంతకంటే ఎక్కువ రూములైతే గ్రూప్ బుకింగ్, చెకిన్‌కు 21 రోజుల ముందు వరకే ఉచిత రద్దు, తర్వాత సగం మొత్తం పట్టుకుంటారు. చాలా హోటళ్ళకు ఇలాంటి గ్రూప్ నియమం ఉంటుంది. ఒక్కో రూము విడిగా బుక్ చేస్తే ఒక నియమం, అవే రూములు ఒక్క బుకింగ్‌లో చేస్తే వేరే నియమం. యాప్‌లో కూడా "ఎక్కువ రూములకు ప్రాపర్టీ వేరే షరతులు పెట్టవచ్చు" అనే వాక్యం ఒక లింకు వెనకాల ఉంది.

నవంబరు 21కి 21 రోజుల ముందంటే అక్టోబరు 31. వాళ్ళు నా దగ్గరకు వచ్చింది 27న. స్క్రీన్‌షాట్ చూపించి నవంబరు 14 వరకు వాదించవచ్చు, వినియోగదారుల ఫోరంలో గెలవచ్చు కూడా. కానీ షష్టిపూర్తి ముందు పెట్టుకుని ఫోరం చుట్టూ తిరిగేవాళ్ళెవరు? నేను రెండు తేదీల్లో ముందుదే నిజమనుకుని పనిచేస్తాను.

31 దాటితే ఎంత పోయేదో కూడా లెక్క వేసి చూపించాను. 83,400లో సగం 41,700. దాని మీద జీఎస్టీ కూడా ఉంటుంది. ఇక్కడ పెద్దాయన ఆగిపోయారు. "ఉండనే లేదు కదా, పన్ను దేనికి?" అందరూ అడిగేదే. 2022 ఆగస్టు 3న వచ్చిన 178వ నంబరు సర్క్యులర్ ప్రకారం హోటల్ పట్టుకునే రద్దు ఛార్జీ మీద ఆ రూముకు పడే రేటే పడుతుంది. ఇక్కడ సగం పన్ను, 5,127. మొత్తం 46,827, ఒక్క రాత్రి కూడా పడుకోకుండా.

ఇంకో చిన్న సంగతి. గడువు హోటల్ ఉన్న ఊరి టైము ప్రకారం. బుకింగ్ అల్లుడు గారి ఖాతాలో ఉంది, రద్దు బటన్ ఆయనే నొక్కాలి. ఇక్కడ 31 రాత్రి 11:59 అంటే న్యూజెర్సీలో అదే రోజు మధ్యాహ్నం 2:29. ఆయన "31 రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక చేస్తాలెండి" అన్నాడు. అప్పటికి ఇక్కడ తెల్లారిపోతుంది.

రిసార్ట్‌తో బేరం

28న రిసార్ట్ రిజర్వేషన్‌కు ఫోన్ చేశాను. ఫోన్ చేసినప్పుడు నేనెప్పుడూ "మొత్తం ఎంత?" అని మొదలుపెట్టను. ఏ రాత్రికి ఆ రాత్రి, ఒక్కో రూముకు, పన్నుకు ముందు ధర అడుగుతాను. తర్వాత, ఇది ఈపీనా సీపీనా అని. ఈపీ అంటే రూము మాత్రమే, సీపీ అంటే రూముతో పాటు టిఫిన్. ఆ తర్వాత, చెకిన్ దగ్గర తప్పనిసరిగా కట్టాల్సింది ఇంకేమైనా ఉందా అని. ఈ మూడింటికి జవాబు వస్తే గీతకు ఎటువైపు ఉన్నామో తెలిసిపోతుంది.

యాప్‌లో ఉన్న 7,800 సీపీ. శనివారం ఈపీ 7,000 అన్నారు. అంటే ధరలో 800 టిఫిన్‌ది. ఆ టిఫిన్ రూములో కలిసిపోవడం వల్ల గీత దాటింది, 18 శాతం మొత్తానికి పడింది. ఇడ్లీ వల్ల మంచానికి కూడా పన్ను పెరిగిందన్నమాట. టిఫిన్ విడిగా తీసుకుంటే మనిషికి 450, దాని మీద 18 శాతం. ఈ రిసార్ట్ కిందటి ఆర్థిక సంవత్సరంలో 7,500 దాటిన ధరకు రూములు ఇచ్చింది కాబట్టి, 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన నియమం ప్రకారం వాళ్ళ రెస్టారెంట్‌కు 18 పడుతుంది, మామూలు హోటల్ అయితే 5.

అయితే 7,000కి వాళ్ళ 600 కలిపితే 7,600, మళ్ళీ గీత దాటుతుంది. ఈ మాట నేను అనగానే అవతల కాసేపు నిశ్శబ్దం. మేనేజర్‌కు ఇచ్చారు.

నేను అడిగింది ఇదీ. రూముల మొత్తం మీ 83,400 అలాగే ఉండనివ్వండి, ఒక్క రూపాయి తగ్గించొద్దు. ఫెసిలిటీ ఛార్జి అందులోనే కలిపేయండి. శుక్రవారం సీపీ 6,500 చేయండి, శనివారం ఈపీ 7,400. ఆదివారం టిఫిన్ తిన్నవాళ్ళకు తిన్నంత బిల్లు వేయండి. బుకింగ్ నేరుగా మీతో.

చివరి వాక్యమే అసలు బేరం. యాప్‌లకు హోటళ్ళు ఇచ్చే కమిషన్ మామూలుగా 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. 83,400 మీద అది తక్కువలో తక్కువ 12,500. వాళ్ళు వదులుకునే ఫీజు 7,200. మేనేజర్‌కు ఈ లెక్క నాకంటే వేగంగా వస్తుంది. అయినా వెంటనే ఒప్పుకోలేదు. 18 శాతం రూముకు హోటల్ తను కొన్నవాటి మీద కట్టిన పన్నును వెనక్కి తీసుకోవచ్చు, 5 శాతం రూముకు ఆ వీలు లేదు. కాబట్టి రూము గీత కిందికి వస్తే హోటల్‌కు కొంత నష్టం ఉంటుంది. పెద్ద హోటళ్ళు ఈ కారణంతోనే కాదంటాయి. ఇక్కడ నవంబరు వారాంతానికి ఇంకా ఖాళీలు ఉన్నట్టున్నాయి, సాయంత్రానికి సరేనన్నారు.

దీనికి ఒక హద్దు ఉంది, చెప్పాలి. టిఫిన్‌ను విడదీయడం న్యాయంగా ఉండాలంటే అది నిజంగానే ఐచ్ఛికం కావాలి. అందరూ తినాల్సిందే, అందరికీ డబ్బు పడుతుంది, కాగితం మీద మాత్రం రెండు బిల్లులు అంటే అది విడదీసినట్టు కాదు, దాచినట్టు. అలాంటి బిల్లు నేను రాయించను.

కొత్త లెక్క: శుక్రవారం 6,500 మీద 5 శాతం, 6,825. శనివారం 7,400 మీద 5 శాతం, 7,770. ఆరు రూములకు 87,570. కావాలనే అక్కడికి తెచ్చాను. పెద్దాయన డైరీ తీసి తన పాత అంకె పక్కన టిక్కు పెట్టుకున్నారు.

వరస ముఖ్యం. ముందు రిసార్ట్ నుంచి రాతపూర్వకంగా మెయిల్ తెప్పించాను: రాత్రివారీ ధర, ఏది కలిసి ఉంది, "చెకిన్ దగ్గర వేరే తప్పనిసరి ఛార్జీ లేదు" అనే వాక్యం, రద్దు తేదీ. పావు వంతు అడ్వాన్సు కట్టాం. ఆ తర్వాతే, 29న, అల్లుడు గారు యాప్‌లో రద్దు నొక్కాడు. ఉన్నది రద్దు చేసుకుని కొత్తది వెతుక్కునేవాళ్ళను చూశాను, వాళ్ళు తిరిగొచ్చేసరికి రూములు ఉండవు, ఉన్నా ధర మారిపోతుంది.

రద్దు చేసే పేజీలో ఇంకో మడత. రిఫండ్ ఎక్కడికి అని అడిగి, "యాప్ వాలెట్‌కు, వెంటనే" అనే దాన్ని ముందే ఎంపిక చేసి పెట్టారు. కార్డుకు పంపమనే ఆప్షన్ కింద సన్నగా ఉంది. వాలెట్‌లో పడితే ఆ 93,654 మళ్ళీ అదే యాప్‌లో ఖర్చు పెట్టాలి. ఫోన్‌లో చెప్పి కార్డుకు మార్పించాను. ఆరు పని దినాల్లో వచ్చింది.

3,540 మాత్రం రాలేదు. ఫెసిలిటీ ఛార్జి ముందు చూపించలేదు కాబట్టి రద్దు చేసుకోవలసి వచ్చింది, ఫీజు తిరిగివ్వండి అని యాప్‌కు రాశాను. 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా ఫిర్యాదు పెట్టించాను. యాప్ జవాబు: ఫీజు చెల్లింపుకు ముందు చూపించాం, ఫెసిలిటీ ఛార్జి 'ప్రాపర్టీ రూల్స్'లో ఉంది. మడత విప్పి చదవని తప్పు మనది అన్నమాట. ఇంకా లాగవచ్చు, ఫోరందాకా వెళ్ళవచ్చు. మూడున్నర వేలకు వద్దన్నారు వాళ్ళు, నేనూ బలవంతం చేయలేదు.

ఎక్స్‌ట్రా బెడ్

ఇదంతా అయ్యాక పెద్దమ్మాయి ఫోన్. పన్నెండేళ్ళ కొడుకు పెద్దవాడయ్యాడు, వాడికి ఎక్స్‌ట్రా బెడ్ కావాలి, 1,500 అట, పెట్టించమంటారా అని. శనివారం 7,400 రూములో 1,500 బెడ్ వేస్తే ఆ రూము విలువ 8,900 అవుతుంది. ఎక్స్‌ట్రా బెడ్‌ను రూము విలువలోనే కలిపి లెక్కవేస్తారు. పన్ను 370 నుంచి 1,602కి పెరుగుతుంది. అంటే బెడ్ అసలు ఖరీదు 2,732.

ఈ లెక్క ఆమెకు చెబుతుంటే వెనక నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "మూడు వేలు పెట్టి పరుపా? వాడు మా రూములో తాతయ్య పక్కన పడుకుంటాడు, ఫోన్ పెట్టెయ్." నా పదకొండేళ్ళ అనుభవంలో ఇంతకంటే మంచి పరిష్కారం నాకు తట్టలేదు.

ఆదివారం పొద్దున

మెయిల్‌లో ఉన్నదే బిల్లులో పడుతుందని నమ్మకం లేదు. అది మోసం వల్ల కాదు. రిజర్వేషన్‌లో మాట్లాడేవాళ్ళు ఒకరు, సిస్టమ్‌లో ఎక్కించేవాళ్ళు ఇంకొకరు, అర్ధరాత్రి దాటాక పోస్ట్ చేసే నైట్ ఆడిటర్ మూడో మనిషి. ఆ మూడో మనిషి ఎదురుగా కనిపించే రేట్ కోడ్ పట్టుకుపోతాడు. నేనూ అలా ఎన్నోసార్లు చేశాను.

అందుకే పెద్దల్లుడికి ఒకటే పని చెప్పాను. ఆదివారం పొద్దున ఏడింటికల్లా, చెకౌట్ రద్దీ మొదలవకముందే, ఆరు రూముల డ్రాఫ్ట్ బిల్లు అడిగి ఫోటో తీసి పంపమని. పన్ను ఇన్వాయిస్ ఇంకా తయారవలేదు కాబట్టి ఆ టైములో సరిచేయడం కౌంటర్‌లో రెండు నిమిషాల పని. ఇన్వాయిస్ వచ్చాక అయితే క్రెడిట్ నోట్ కావాలి, అకౌంట్స్ వాళ్ళు కావాలి, ఆదివారం వాళ్ళు రారు.

ఫోటోలు ఏడుంపావుకు వచ్చాయి. నాలుగు రూములు సరిగ్గా ఉన్నాయి. రెండు రూములకు శనివారం 7,800, సీజీఎస్టీ 9 శాతం, ఎస్‌జీఎస్టీ 9 శాతం. జీఎస్టీ బిల్లులో రెండు ముక్కలుగా ఉంటుంది, కాబట్టి 9 చూసి 'తక్కువే కదా' అనుకోకూడదు. మనకు రావాల్సింది రెండున్నర, రెండున్నర. రూముకు 1,434 చొప్పున 2,868 ఎక్కువ. ఆ రెండు రూములు పాత సీపీ కోడ్ మీదే మిగిలిపోయాయి. పెద్దల్లుడు మెయిల్ చూపించగానే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి సారీ చెప్పి మార్చేసింది.

టిఫిన్ బిల్లు 5,310 వచ్చింది, పదిమందికి. పెద్దలు పన్నెండుమంది కదా అని మళ్ళీ ఫోన్ చేసి అడిగాను, ఇద్దరిది వేయడం మర్చిపోయారేమో, తర్వాత కార్డు మీద లాగుతారేమో అని. పెద్దల్లుడు నవ్వాడు. మనిషికి 450 ప్లస్ పన్ను అని మామగారికి తెలిసిపోయిందట. పొద్దున్నే వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని గేటు దాటి రోడ్డు మీదకు నడిచి, బండి దగ్గర దోశలు తిని, చాయ్ కూడా తాగి వచ్చారట.